ఫ్రీలాన్సింగ్‌కు ఏ సర్టిఫికెట్? ప్రపోజల్‌లో ఎక్కడ?

ప్రశ్న: సార్, మాది తాడిపత్రి. అనంతపురంలో బీకామ్ కంప్యూటర్స్ పూర్తి చేశాను. గూగుల్ యాడ్స్ పని ఫ్రీలాన్స్‌గా చేయాలని ఉంది. ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు ఆరు ఉన్నాయి. ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ సైట్‌లో నలభై దాకా ప్రపోజల్స్ పంపినా ఒక్క రిప్లై రాలేదు. ఇక్కడ ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 35,000 కడితే 12 సర్టిఫికెట్లు వస్తాయి, అవి ఉంటే క్లయింట్లు దొరుకుతారు అంటున్నారు. నాన్న కట్టడానికి సిద్ధంగా ఉన్నారు. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టించకండి. మీరు చేయాలనుకున్న పనికి క్లయింట్లు గుర్తుపట్టే సర్టిఫికెట్ ఒకటే. దాని పరీక్షకు పైసా ఖర్చు లేదు.

మీ దగ్గరున్న ఆరింటిలో ఎక్కువ భాగం వీడియోలు చివరిదాకా చూసినందుకు ఇచ్చినవై ఉంటాయి. కోర్సు పూర్తి చేసినట్టు చెప్పే కాగితం వేరు, పరీక్ష పాసైనట్టు చెప్పే సర్టిఫికేషన్ వేరు. క్లయింటుకు ఈ తేడా బాగా తెలుసు. గూగుల్ యాడ్స్ పరీక్షలను గూగుల్ తన స్కిల్‌షాప్ అనే సైట్‌లో స్వయంగా పెడుతుంది. సెర్చ్, డిస్‌ప్లే, వీడియో, షాపింగ్, ఇలా ఒక్కో రకం ప్రకటనకు ఒక్కో పరీక్ష ఉంటుంది. మీరు ముందు సెర్చ్ ఒక్కటే రాయండి. చిన్న వ్యాపారులు మొదట డబ్బు పెట్టేది అక్కడే. టైమ్ 75 నిమిషాలు, పాస్ కావాలంటే 80 శాతం రావాలి. తప్పితే ఒక రోజు ఆగి మళ్లీ రాయవచ్చు. సర్టిఫికెట్ ఏడాది మాత్రమే చెల్లుతుంది. గడువు దాటినదాన్ని ప్రొఫైల్‌లో అలాగే వదిలేస్తే, పాత పనివాడు అనే అభిప్రాయం కలుగుతుంది.

ఈ పరీక్షకు నెట్‌లో జవాబులు దొరుకుతాయి. వాటితో పాసై ఆగిపోతే క్లయింటుతో మొదటి కాల్‌లోనే దొరికిపోతారు. వెతికిన మాట మన కీవర్డ్‌కు ఎంత దగ్గరగా ఉంటే ప్రకటన కనిపించాలో చెప్పే ఫ్రేజ్ మ్యాచ్‌కూ ఎగ్జాక్ట్ మ్యాచ్‌కూ తేడా ఏమిటని అడిగితే తడబడకుండా ఉదాహరణతో చెప్పగలగాలి.

పరీక్షకు ముందే మరో చిన్న పని ఉంది. మన పిల్లల పేర్లు ఆధార్‌లో ఒక రకంగా, డిగ్రీ మెమోలో ఇంకో రకంగా, జీమెయిల్‌లో ముద్దుపేరుతో మరో రకంగా ఉంటాయి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరమే. అప్‌వర్క్ గుర్తింపు కార్డుతో పేరు సరిచూస్తుంది. స్కిల్‌షాప్ సర్టిఫికెట్ మీద ఇంకో పేరు కనిపిస్తే అది మీదేనని క్లయింటు ఎలా నమ్ముతాడు? రెండు చోట్లా పేరు ఒకేలా ఉందో లేదో చూసుకున్నాకే పరీక్షకు కూర్చోండి.

ఇప్పుడు, ఈ సర్టిఫికెట్‌కు నిజంగా విలువ ఇచ్చేది ఎవరో చూద్దాం. అనంతపురంలో డెంటల్ క్లినిక్ పెట్టుకున్న డాక్టరుగారికి దానితో పనిలేదు. ఆయనకు ఫోన్లు రావాలి, అంతే. విలువ ఇచ్చేవి యాడ్ ఏజెన్సీలు. గూగుల్ పార్ట్‌నర్ అనే హోదా దక్కాలంటే ఏజెన్సీలో ఖాతాలు చూసేవాళ్లలో కనీసం సగం మందికి ఈ సర్టిఫికేషన్లు ఉండాలి. దీంతో పాటు 90 రోజుల్లో 10,000 డాలర్ల ప్రకటన ఖర్చు, ఖాతాలను ఎంత బాగా సర్దారో చూసి గూగుల్ ఇచ్చే ఆప్టిమైజేషన్ స్కోరు 70 శాతం కూడా ఉండాలి. ఇవి ఉండి సర్టిఫైడ్ మనుషులు తక్కువైన ఏజెన్సీకి మీ సర్టిఫికెట్ వాళ్ల సొంత అవసరం అవుతుంది. ఏ ఈమెయిల్‌తో పరీక్ష రాశారో ఆ ఈమెయిల్‌ను, క్లయింట్ల ఖాతాలన్నీ ఒకేచోట చూసే వాళ్ల మేనేజర్ అకౌంట్‌కు కలిపితేనే అది లెక్కలోకి వస్తుంది. అందుకే బెంగళూరు, హైదరాబాద్ ఏజెన్సీలకు పార్ట్‌టైమ్ పని కోసం రాసేటప్పుడు సర్టిఫికెట్ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పవచ్చు. మిగతా క్లయింట్ల దగ్గర దాని స్థానం వేరు.

ఒక జాగ్రత్త. పరీక్ష పాసైనంత మాత్రాన మీరు గూగుల్ పార్ట్‌నర్ కారు. ఆ హోదా సంస్థలకు ఇచ్చేది, దాని లోగో మీ ప్రొఫైల్ మీద పెట్టకూడదు. ‘గూగుల్ సర్టిఫైడ్ ఎక్స్‌పర్ట్’ అనీ రాసుకోకండి. సర్టిఫికెట్ మీద ఏ పేరుందో అదే రాయండి: Google Ads Search Certification.

ఇక ప్రపోజల్. క్లయింటుకు ఒక్క పోస్టుకు పదుల్లో ప్రపోజల్స్ వస్తాయి. జాబితాలో అతనికి మీ కవర్ లెటర్ మొదటి రెండు వరుసలే కనిపిస్తాయి. అక్కడ మీరేం రాశారో ఒకసారి తెరిచి చూసుకోండి. ‘నేను సర్టిఫైడ్ డిజిటల్ మార్కెటర్‌ని, నాకు ఈ ఆరు సర్టిఫికెట్లు ఉన్నాయి’ అని ఉంటే, ఆ రెండు వరుసల్లో అతని గురించి ఏమీ లేనట్టే. పైగా ప్రపోజల్ పంపడానికి వాడే ఒక్కో కనెక్ట్ ఖరీదు 0.15 డాలర్లు. అది వృథా.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆస్ట్రేలియాలో ఒక డెంటిస్టు పోస్టు పెట్టాడు: యాడ్స్ ఖర్చు పెరుగుతోంది, కాల్స్ మాత్రం రావడం లేదు. అతని మనసులో ఉన్న అనుమానం ‘నా డబ్బు ఎటు పోతోంది’ అన్నది. కాబట్టి మొదటి రెండు వరుసలు ఇలా ఉండాలి, మీ ఇంగ్లీషులో రాసుకోండి: ‘ఖర్చు పెరిగి కాల్స్ రాకపోతే ముందు రెండు చోట్ల చూస్తాను. మీ ప్రకటన మీ ఊళ్లో ఉన్నవాళ్లకే కనిపిస్తోందా, ఊరి మీద ఆసక్తి ఉన్న బయటివాళ్లకూ కనిపిస్తోందా అన్నది ఒకటి, జనం నిజంగా ఏ మాటలు టైప్ చేసి క్లిక్ చేస్తున్నారన్నది రెండోది.’ ఇది గాలి మాట కాదు. లొకేషన్ సెట్టింగ్‌లో గూగుల్ ముందే పెట్టి ఉంచే ఆప్షన్ ‘ఆ ఊళ్లో ఉన్నవాళ్లు, లేదా దానిపై ఆసక్తి చూపినవాళ్లు’ అన్నది. మార్చకపోతే వేరే ఊరివాళ్ల క్లిక్కులకూ డబ్బు పోతుంది. ఈ పని తెలిసినవాళ్లే ఆ మాట రాస్తారని డెంటిస్టుకు అర్థమవుతుంది.

తర్వాత మీరు చేసిన పని ఒకటి, రెండు మూడు వాక్యాల్లో. ఆ తర్వాతే సర్టిఫికెట్, అదీ ఒక్క వాక్యంలో: దాని పేరు, ఏ నెల వరకు చెల్లుతుంది, సరిచూసుకునే లింకు. స్క్రీన్‌షాట్ పెట్టకండి, దాన్ని ఎవరైనా తయారు చేయగలరు. గూగుల్ ఇచ్చే లింకు తెరిస్తే పేరూ తేదీ కనిపిస్తాయి. లింకు పంపే ముందు ఆ పేజీలో మీ ఫోన్ నంబరో ఈమెయిలో ఉన్నాయేమో చూడండి. కాంట్రాక్టు మొదలుకాక ముందు అలాంటి వివరాలు ఇవ్వడం అప్‌వర్క్ నియమాలకు విరుద్ధం, అకౌంట్‌కే చేటు. చివర్లో ఒక ప్రశ్న అడగండి: ఇప్పుడు కాల్స్‌ను లెక్కపెట్టే ట్రాకింగ్ ఉందా? జవాబు ఇవ్వడానికి అతనికి ఒక కారణం దొరుకుతుంది.

‘చేసిన పని ఒకటి రాయమన్నారు, నా దగ్గర అదే లేదు కదా’ అంటారు. అదే మీ అసలు లోటు, దాన్ని పదమూడో సర్టిఫికెట్ కూడా పూడ్చలేదు. తాడిపత్రిలోనో అనంతపురంలోనో తెలిసినవాళ్ల ఏసీ రిపేరు షాపు ఉందనుకోండి. మీ కూలీ లేకుండా, రోజుకు 200 రూపాయల బడ్జెట్‌తో రెండు వారాలు సెర్చ్ ప్రకటన నడపండి. ప్రకటన ఖర్చు మీరు పెడతారో, షాపాయన పెడతారో ముందే మాట్లాడుకోండి. ఒక్కో రోజు గూగుల్ రోజువారీ బడ్జెట్‌కు రెట్టింపు దాకా ఖర్చు చేయవచ్చు, నెల మొత్తం మీద సర్దుతుంది. జీఎస్టీ అదనం. ఇవి ఆయనకు ముందే చెప్పకపోతే తర్వాత మాట పడాల్సి వస్తుంది.

లెక్క ఎలా చూపాలో చెప్పడానికి నేను కొన్ని అంకెలు అనుకుంటున్నాను. మొదటి వారం 1,400 ఖర్చు, 140 క్లిక్కులు, 5 కాల్స్. అంటే కాల్‌కు 280. వారం చివర సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిస్తే జనం టైప్ చేసిన మాటలు కనిపిస్తాయి. ac repair near me ఉంటుంది, దాంతో పాటే ac mechanic jobs, ac repair course fees కూడా ఉంటాయి. ఉద్యోగం, కోర్సు వెతికేవాళ్లు 50 క్లిక్కులు తిన్నారనుకుందాం, అంటే 500 రూపాయలు. jobs, course, salary అనే మాటల్ని నెగటివ్ కీవర్డ్స్‌గా పెడతారు, అంటే ఆ మాటలతో వెతికేవాళ్లకు ప్రకటన కనిపించదు. రెండో వారం అదే 1,400కు 8 కాల్స్ వచ్చాయి, కాల్‌కు 175. ప్రపోజల్‌లో రాయాల్సింది ఈ కథే: ఏం కనిపించింది, ఏం మార్చారు, తర్వాత ఏమైంది. ‘ఫలితాలు 60 శాతం పెంచాను’ అని రాయకండి. 5 నుంచి 8కి రావడం చిన్న అంకె, రెండు వారాల మాట, అనుభవం ఉన్న క్లయింటు దాన్ని పట్టేస్తాడు. ఉన్నదున్నట్టు ‘చిన్న బడ్జెట్, రెండు వారాలు’ అని చెబితే మీ మీద నమ్మకం కలుగుతుంది. షాపు పేరు వాడాలంటే ఆయన్ని అడగండి, లేదంటే పేరు కనిపించకుండా స్క్రీన్‌షాట్ తీయండి.

మీరు బీకామ్ కాబట్టి ఒక మాట. యాడ్స్ పని నచ్చకపోతే విదేశీ చిన్న వ్యాపారాల పద్దులు రాసే పని మీ చదువుకు దగ్గర. అక్కడ క్లయింటు వాడే సాఫ్ట్‌వేర్ సర్టిఫికేషనే చెల్లుతుంది. క్విక్‌బుక్స్ వాళ్ల ప్రోఅడ్వైజర్ శిక్షణ, పరీక్ష రెండూ ఉచితమే. ట్యాలీ ఎంత బాగా వచ్చినా అమెరికా క్లయింటుకు అది అక్కరకు రాదు. రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి.

ఇన్‌స్టిట్యూట్ వాళ్లను ఇంకోసారి కలిస్తే రెండు విషయాలు అడగండి. ఆ 12 సర్టిఫికెట్లలో గూగుల్ లాంటి సంస్థ స్వయంగా పరీక్ష పెట్టి ఇచ్చేవి ఎన్ని, వాళ్లు సొంతంగా ముద్రించి ఇచ్చేవి ఎన్ని? క్లాసులో నిజమైన బడ్జెట్‌తో, నిజమైన ఖాతాలో మీ చేత ప్రకటన నడిపిస్తారా? రెండోదానికి అవునని చెప్పి, ఇప్పుడు చదువుతున్న పిల్లల ఖాతాలు తెరిచి చూపిస్తే ఫీజు గురించి మాట్లాడవచ్చు. లేదంటే నాన్నగారిని 5,000 మాత్రం అడగండి. జీఎస్టీతో కలిపి షాపు ప్రకటనకు దాదాపు 3,300 అవుతుంది. మిగిలినదాంతో కనెక్ట్స్ కొనుక్కుని, ఇలా రాసిన ప్రపోజల్స్ వారానికి నాలుగో ఐదో మాత్రమే పంపండి.