డ్రాఫ్ట్ పుల్ రిక్వెస్ట్‌ను ఎప్పుడు లిస్టులోకి తేవాలి?

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ ఫైనల్ ఇయర్. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. గిట్‌హబ్‌లో ఓపెన్‌గా ఉన్న పుల్ రిక్వెస్టుల్లో ఎవరైనా చూడాల్సినవి ఏవో రోజూ ఉదయం టీమ్ ఛానల్‌లో పోస్ట్ చేసే స్క్రిప్ట్ రాయమన్నారు మా లీడ్. డ్రాఫ్టుల దగ్గరే ఇరుక్కుపోయాను. అన్నీ చూపిస్తే "ఇది ఇంకా పూర్తి కాలేదు కదా" అని సీనియర్లు విసుక్కుంటున్నారు. అన్నీ తీసేస్తే, ఒకటి రెండు వారాలు ఎవరూ చూడకుండా పడి ఉందని లీడ్ అడిగారు. టెస్టులు పాసైతే రెడీ అనుకోమని ఫ్రెండ్ అంటున్నాడు. పీపీఓ ఈ పని మీదే ఆధారపడి ఉంది, టెన్షన్‌గా ఉంది. ఏ రూల్ పెట్టమంటారు?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పిన రూల్ మాత్రం పెట్టకండి. డ్రాఫ్ట్‌గా ఉంచడం, డ్రాఫ్ట్ తీసేయడం రాసినవాళ్ల నిర్ణయం. 2019లో గిట్‌హబ్ ఈ సదుపాయం తెచ్చిందే "కోడ్ మీకు కనిపిస్తుంది కానీ ఇప్పుడే రివ్యూ చేయకండి, మర్జ్ చేయకండి" అని చెప్పుకోవడానికి. ఆ మాటను మీ స్క్రిప్ట్ వాళ్ల తరఫున మార్చేస్తే, తర్వాత్తర్వాత సగం రాసిన కోడ్‌ను పుష్ చేయడానికే జనం వెనకాడతారు.

అయితే "రివ్యూకి రెడీ" వేరు, "ఎవరో ఒకరు పట్టించుకోవాలి" వేరు. మీరు ఈ రెండింటినీ ఒకే ప్రశ్నగా చూస్తున్నారు కాబట్టే అన్నీ చూపించడమా, అన్నీ తీసేయడమా అనే రెండు దారులే కనిపిస్తున్నాయి. రెడీ అయిందా లేదా అన్నది స్క్రిప్ట్ ఎప్పుడూ నిర్ణయించకూడదు. డ్రాఫ్ట్‌గానే ఉన్నా పట్టించుకోవాల్సిన సందర్భాలు నాకు తెలిసి రెండే. ఒకటి, రాసినవాళ్లు ఫలానా మనిషిని చూడమని అడిగారు. రెండు, పని ఆగిపోయింది, డ్రాఫ్ట్ తీయడం బహుశా మర్చిపోయారు. మొదటిది అడిగిన మనిషికి వెళ్లాలి. రెండోది రాసినవాళ్లకే వెళ్లాలి, ఛానల్‌కు కాదు.

మొదటి దానికి గుర్తు దొరకడం తేలికే. డ్రాఫ్ట్‌గా ఉన్నంతసేపూ గిట్‌హబ్ కోడ్ ఓనర్లను, అంటే ఆ ఫైళ్లకు బాధ్యులుగా రిపోలో నమోదైనవాళ్లను, తనంతట తాను రివ్యూ అడగదు, డ్రాఫ్ట్ తీసేసినప్పుడే అడుగుతుంది. అంటే డ్రాఫ్ట్ మీద రివ్యూయర్ పేరు ఉందంటే చాలావరకు ఎవరో మనిషి కావాలనే పెట్టి ఉంటారు. రివ్యూ ఇవ్వగానే ఆ పేరు ఆ జాబితా నుంచి తొలగిపోతుంది కాబట్టి, చూసేసినవాళ్లను మీ స్క్రిప్ట్ మళ్లీ సతాయించదు.

```
gh pr list --limit 200 \
  --json number,isDraft,reviewRequests \
  --jq '.[] | select(.isDraft and (.reviewRequests | length > 0)) | .number'
```

`--limit` వదిలేయకండి. అది ఇవ్వకపోతే 30 పుల్ రిక్వెస్టులే వస్తాయి, అవీ కొత్తవి. మరుగునపడ్డ పాతవి, అంటే మీరు వెతికేవే, లిస్టులోకి రావు.

ఇక్కడ ఒక చిక్కుంది. కొందరు ముందు మామూలుగానే తెరిచి, కామెంట్లు వచ్చాక డ్రాఫ్ట్‌గా మారుస్తారు. అప్పుడు కనిపించే రివ్యూయర్ పేరు అంతకుముందు కోడ్ ఓనర్‌గా తనంతట తానే చేరినదై ఉండొచ్చు. అలాంటి చోట టైమ్‌లైన్‌లో `convert_to_draft` తర్వాత `review_requested` ఉందో లేదో చూడండి. ఉంటేనే అది కొత్తగా అడిగినట్టు. లేకపోతే "కాసేపు ఆగండి" అన్నదే వాళ్ల చివరి మాట.

రెండో సందర్భంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పని ఆగిందని తేల్చాలంటే రెండు విషయాలు చూడాలి. కొత్త కోడ్ రాక ఎన్నాళ్లైంది, ఉన్న కోడ్ మీద టెస్టులు నిజంగా నడిచి పాసయ్యాయా.

ఎన్నాళ్లైందో తెలుసుకోవడానికి అందరికీ ముందు కనిపించేది `updatedAt`. దాన్ని నమ్మకండి. ఎవరైనా ఒక లేబుల్ పెట్టినా, ఏదో బాట్ ఒక కామెంట్ రాసినా అది మారిపోతుంది. మీ టీమ్‌లో కవరేజ్ బాట్ లాంటిది ఉంటే, రెండు వారాలుగా కదలని డ్రాఫ్ట్ కూడా నిన్ననే పని జరిగినట్టు కనిపిస్తుంది. కమిట్ తేదీ కూడా సరైన కొలత కాదు. సోమవారం తన ల్యాప్‌టాప్‌లో కమిట్ చేసి గురువారం పుష్ చేస్తే, కమిట్ మీద సోమవారమే ఉంటుంది. అందుకే బ్రాంచ్ చివరి కమిట్ ఐడీ అయిన `headRefOid` తీసుకుని, ఆ విలువను మీ స్క్రిప్ట్ మొదటిసారి ఏ రోజు చూసిందో ఒక చిన్న ఫైల్‌లో రాసిపెట్టుకోండి. విలువ మారితే లెక్క మళ్లీ మొదలు. మారకుండా మూడు పనిదినాలు గడిస్తే పని ఆగినట్టు అనుకోవచ్చు. మూడే ఎందుకంటే, ఒకరోజు సెలవు పెట్టినవాళ్లకు, ఇంకో పని మీదికి వెళ్లి వచ్చినవాళ్లకు అనవసరంగా మెసేజ్ వెళ్లకూడదని. మీ టీమ్ అలవాటును బట్టి ఈ అంకె మారొచ్చు. రీబేస్ చేసినా, మెయిన్ బ్రాంచ్‌ను లోపలికి తెచ్చుకున్నా లెక్క మొదటికొస్తుందన్నది ఈ పద్ధతికున్న పరిమితి. దాన్ని అలాగే ఒప్పుకోండి. గుర్తు చేయడం మూడు రోజులు ఆలస్యమైతే పెద్ద నష్టమేమీ లేదు.

ఇక టెస్టులు. చాలా కంపెనీల్లో డ్రాఫ్టుల మీద టెస్టులు నడపరు, సర్వర్ ఖర్చు తగ్గించడానికి. వర్క్‌ఫ్లోలో జాబ్‌కు ఈ షరతు ఉంటుంది:

```
if: github.event.pull_request.draft == false
```

ఇలా వదిలేసిన జాబ్ ఫెయిల్ అయినట్టు ఎక్కడా కనిపించదు. దాని ఫలితం `SKIPPED` అని ఉంటుంది. మర్జ్ విషయంలో గిట్‌హబ్ దాన్ని పాసైనదాని కిందే లెక్కేస్తుంది. మీ స్క్రిప్ట్ "ఫెయిల్ ఏదీ లేదు కాబట్టి పాస్" అనుకుంటే, ఒక్క టెస్టూ నడవని కోడ్‌కు పచ్చజెండా ఊపినట్టే. అసలు చెక్‌లే లేని పుల్ రిక్వెస్ట్ అయితే ఇంకో రకం. ఖాళీ జాబితా మీద `jq`లో `all` వాడితే జవాబు `true` అని వస్తుంది. కాబట్టి మీ టీమ్‌లో అసలు టెస్ట్ జాబ్ పేరేమిటో కనుక్కుని, `statusCheckRollup`లో ఆ పేరు ఉండి, దాని `conclusion` కచ్చితంగా `SUCCESS` అయితేనే పాస్ కింద వేయండి.

ఇదే షరతు వల్ల మరో ఇబ్బంది ఉంది. రెడీ అని నొక్కడం, టైప్ పేర్లు ఇవ్వని `pull_request` వర్క్‌ఫ్లోను కదిలించదు. అంటే డ్రాఫ్ట్ తీసినా, తర్వాతి కమిట్ వచ్చేదాకా టెస్టులు నడవవు. వర్క్‌ఫ్లో ఫైల్‌లో ఇలా ఉందో లేదో చూసి, లేకపోతే లీడ్‌కు చెప్పండి:

```
on:
  pull_request:
    types: [opened, synchronize, reopened, ready_for_review]
```

ఇప్పుడు ఒక సోమవారం ఉదయం మీ ముందు మూడు డ్రాఫ్టులు ఉన్నాయనుకుందాం. 412లో టెస్టులు ఫెయిల్ అవుతున్నాయి, కానీ రాసినామె పేమెంట్స్ సీనియర్‌ను రివ్యూయర్‌గా పెట్టి "టేబుల్‌ను రెండుగా విడగొట్టాను, మిగతాది రాసేలోపు ఈ పద్ధతి సరేనా చూడండి" అని అడిగింది. 418ను ఎవరినీ చూడమనలేదు. అందులో చివరి కమిట్‌ను మీ స్క్రిప్ట్ మొన్న బుధవారం మొదటిసారి చూసింది, ఆ తర్వాత మార్పు లేదు, టెస్ట్ జాబ్ `SUCCESS`. 421లో ఈ ఉదయమే కొత్త కమిట్ వచ్చింది, ఫెయిల్ ఏదీ లేదు, కానీ టెస్ట్ జాబ్ `SKIPPED`.

ఫ్రెండ్ రూల్ ప్రకారం 418, 421 ఛానల్‌లోకి వెళ్తాయి, 412 ఆగిపోతుంది. అంటే నిజంగా ఒక మనిషి జవాబు కోసం ఎదురుచూస్తున్న ఒకే ఒక్క దాన్ని దాచేసి, ఎవరూ చూపించమనని రెండింటిని చూపిస్తారు. నేనైతే 412ను ఆ సీనియర్ పేరుతో, రాసినామె అడిగిన ప్రశ్నతో సహా పోస్ట్ చేస్తాను. డిజైన్ గురించి అడగడానికి టెస్టులు పాసవ్వాల్సిన పని లేదు. ఇంకా చెప్పాలంటే ఆలస్యమైతే ఎక్కువ నష్టపోయేది ఇక్కడే, ఎందుకంటే తప్పు పద్ధతి మీద ఇంకో వారం కోడ్ పేరుకుపోతుంది. 418 విషయంలో బుధ, గురు, శుక్ర అని మూడు పనిదినాలు అయ్యాయి కాబట్టి, రాసినతనికి మాత్రమే "418లో బుధవారం నుంచి మార్పు లేదు, టెస్టులు పాసయ్యాయి. ఇంకా పని ఉందా?" అని మెసేజ్ పంపుతాను. పూర్తయితే అతను `gh pr ready 418` కొడతాడు, కోడ్ ఓనర్లకు కబురు దానంతటదే వెళ్తుంది, మర్నాడు అది మామూలు లిస్టులో కనిపిస్తుంది. 421 గురించి ఎవరికీ ఏమీ చెప్పను.

ఒకే కమిట్ విలువకు ఒక్కసారే గుర్తు చేయండి. రోజూ అదే మెసేజ్ వస్తే జనం మ్యూట్ చేస్తారు, ఆ తర్వాత మీ స్క్రిప్ట్ ఎంత సరిగ్గా పనిచేసినా ఎవరూ చూడరు. గుర్తు చేశాక కూడా పది పనిదినాలు కదలకపోతే, లీడ్ ఒక్కరికే వారానికోసారి వెళ్లే లిస్టులో పెట్టండి. టెస్టులు ఫెయిలై ఆగిపోయినవి, అసలు నడవనివి కూడా పది పనిదినాలు దాటితే ఇందులోకే రావాలి. మీ లీడ్ అడిగిన ఆ రెండు వారాల డ్రాఫ్ట్ దొరకాల్సింది ఇక్కడే. దాన్ని ఉంచాలా మూసేయాలా అన్నది ఆయన చూసుకుంటారు.

డ్రాఫ్ట్ కాకుండా తెరిచి టైటిల్‌లో `WIP` అని రాసేవాళ్లు మీ టీమ్‌లో ఉంటే, వాళ్లను డ్రాఫ్ట్‌గా మార్చమని అడగండి. టైటిళ్లు చదివి ఊహించే కోడ్ రాయడం మొదలుపెడితే దానికి అంతుండదు.

పీపీఓ సంగతి. కోడ్ ముట్టుకునే ముందే ఈ రూల్‌ను ఐదారు వాక్యాల్లో రాసి లీడ్‌కు పంపండి. మూడు పనిదినాలా, ఐదా, పదో రోజు ఎవరికి వెళ్లాలి అనేవి టీమ్ నిర్ణయాలు, ఇంటర్న్ ఒక్కరే తీసుకునేవి కావు. ఆయన సరే అన్నాక మొదటి వారం ఛానల్‌లో పోస్ట్ చేయకుండా మెసేజ్‌లన్నీ మీకే వచ్చేలా పెట్టుకోండి. ప్రతి మెసేజ్ పక్కన, అది వెళ్లి ఉంటే ఎవరైనా ఏదైనా చేసేవారా అని రాసుకోండి. తెలియకపోతే రాసినవాళ్లనే అడగండి. 418 లాంటి వాటికి ఎక్కువగా "ఇంకా పని ఉంది" అనే జవాబే వస్తుంటే రోజులు పెంచాలి. లీడ్ చేత్తో పట్టుకున్నది మీ స్క్రిప్ట్‌కు చిక్కకపోతే, ఆ పుల్ రిక్వెస్ట్ తెరిచి, ఏ గుర్తు ఉన్నా మీరు చూడలేదో కనుక్కోండి. చాలాసార్లు అది రివ్యూయర్‌గా పెట్టకుండా కామెంట్‌లో పేరు పెట్టి అడిగిన ప్రశ్న అయి ఉంటుంది. అది తరచుగా జరుగుతుంటే దాన్ని కూడా మొదటి సందర్భం కిందే చేర్చండి. ఇంటర్న్‌షిప్ చివర్లో ప్రజెంటేషన్ ఇచ్చేటప్పుడు స్క్రిప్ట్‌తో పాటు ఆ వారం నోట్సు కూడా చూపించండి. అంకెలను ఎందుకు అలా పెట్టారని అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఉండేది అదే.