ప్యాకెట్ పాలలో మీగడ ఎక్కడికి పోతుంది?

*ప్రశ్న: ఫుల్ క్రీమ్ ప్యాకెట్ పాలు కాస్తే పలుచటి పొర తప్ప మీగడ రావడం లేదు. పాలబ్బాయి పోసే గేదె పాలకు మాత్రం వేలు మందం కడుతోంది. ప్యాకెట్ పాలలో వెన్న తీసేసి అమ్ముతున్నారా?*

లేదు, తీసేయడం లేదు. ఇదే అనుమానంతో మా ఇంట్లో ఒక నెలంతా పోరు నడిచింది కాబట్టి ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

మా అమ్మ కృష్ణా జిల్లా పల్లెటూరి మనిషి. అక్కడ పాలను పిడకల దాలిలో మట్టికుండతో పెడితే సాయంత్రానికి ఎర్రగా కాగి, పైన రొట్టెలా మీగడ కట్టేది. నాన్న పోయాక హైదరాబాదులో మా దగ్గరికి వచ్చింది. రోజూ లీటరు ఫుల్ క్రీమ్ ప్యాకెట్ కాచి, పైన వచ్చిన పొరను గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో దాచేది. సంక్రాంతి అరిసెలకు నెయ్యి ఇంట్లోనే కాచాలన్నది ఆమె పట్టుదల. పన్నెండు రోజులు కూడబెట్టి, తోడు పెట్టి, కవ్వం పట్టి గంటసేపు చిలికింది. నిమ్మకాయంత వెన్న వచ్చింది. "ఆరు శాతం వెన్న ఉందని రాసి మోసం చేస్తున్నారు నాన్నా, నువ్వు పాల డెయిరీలో పనిచేస్తూ ఇదేమిటని అడగవా?" అని నన్ను నిలదీసింది.

నేను ఒక డెయిరీ ప్రయోగశాలలో ఆరేళ్లుగా పాలు పరీక్షిస్తున్నాను. మర్నాడు అదే రకం ప్యాకెట్‌నూ, మా పాలబ్బాయి పోసిన పచ్చి గేదె పాలనూ వెంట తీసుకువెళ్లాను. గెర్బర్ పరీక్ష అంటే గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి గిర్రున తిప్పడం. ఆమ్లం మాంసకృత్తులను కరిగించేస్తుంది, కొవ్వు విడిపోయి గొట్టం మెడలోకి చేరుతుంది, అక్కడి గీతలు చూసి శాతం చెబుతాం. ప్యాకెట్ పాలను ఒక్కసారి తిప్పితే సరిపోదు, మళ్లీ మళ్లీ తిప్పాలి. ఆ కొవ్వు అంత మొండిగా పాలను పట్టుకుని ఉంటుంది. చివరికి ప్యాకెట్ పాలు సరిగ్గా 6 చూపించాయి, గేదె పాలు 6.4. తేడా దాదాపు లేనట్టే.

అమ్మ ఆ అంకెలను నమ్మలేదు. అందుకని రెండు పొడవాటి గాజు గ్లాసుల్లో ఒకదానిలో ఆ పచ్చి గేదె పాలు, రెండోదానిలో కాచని ప్యాకెట్ పాలు పోసి ఫ్రిజ్‌లో కదలకుండా ఉంచాను. తెల్లవారి కిటికీ వెలుతురుకు పట్టి చూపిస్తే గేదె పాల గ్లాసులో పైన చిక్కటి పట్టీ, కింద కాస్త నీలివన్నె తిరిగిన పలుచటి పాలు. ప్యాకెట్ పాల గ్లాసు మాత్రం పైనుంచి అడుగు దాకా ఒకే తెలుపు.

రహస్యమంతా కొవ్వు బిందువుల పరిమాణంలో ఉంది. పాలలో కొవ్వు కంటికి కనిపించని గుండ్రటి బిందువులుగా తేలుతూ ఉంటుంది. పితికిన పాలలో ఒక్కో బిందువు సుమారు 3, 4 మైక్రాన్లు ఉంటుంది, గేదె పాలలో ఇంకాస్త పెద్దవి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కొవ్వు నీటికంటే తేలిక కాబట్టి బిందువులు పైకి లేస్తాయి, అదే మీగడ. డెయిరీలో హోమోజెనైజర్ అనే యంత్రం సుమారు 60 డిగ్రీల వేడి పాలను, మామూలు గాలి ఒత్తిడికి 150 నుంచి 200 రెట్ల ఒత్తిడితో, సన్నటి సందులోంచి తోస్తుంది. బిందువులు చితికి ఒక మైక్రాన్ లోపుకు వచ్చేస్తాయి. ఫ్రాన్సులో ఓగ్యుస్త్ గోలాఁ 1899లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. సూత్రం నేటికీ అదే.

లెక్క చూడండి. 3 మైక్రాన్ల బిందువు చితికి అర మైక్రాన్ బిందువులైతే అడ్డుకొలత ఆరో వంతుకు తగ్గింది. బిందువు పైకి లేచే వేగం అడ్డుకొలత వర్గాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి వేగం 36వ వంతుకు పడిపోతుంది. చల్లటి పాలలో పెద్ద బిందువు రోజుకు సుమారు ఒక సెంటీమీటరు లేస్తుందనుకుంటే, చిన్నది మూడోవంతు మిల్లీమీటరు కూడా లేవదు. ప్యాకెట్ గడువే రెండు రోజులు, ఇక మీగడ కట్టేదెప్పుడు? పైగా ఒక్క బిందువు 216 ముక్కలైతే మొత్తం ఉపరితలం ఆరు రెట్లవుతుంది. పాత సహజ పొర అంత మేర కప్పలేదు, ఆ ఖాళీని పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి వచ్చి కప్పుతుంది. అది బరువైనది కాబట్టి బిందువు ఇంకా నిదానిస్తుంది. ఆ పొర వల్లే చిలికినా బిందువులు ఒకదానికొకటి అతుక్కుని వెన్న ముద్దగా మారవు. అమ్మ కవ్వం తప్పేమీ లేదు.

మరి కాచినప్పుడు వచ్చే పలుచటి పొర ఏమిటంటే, అది ఎక్కువగా ఎండిన మాంసకృత్తి, దానికి చిక్కుకున్న కొద్దిపాటి కొవ్వు. పన్నెండు లీటర్లలో ఉన్న ఏడు వందల గ్రాముల పైచిలుకు కొవ్వులో చాలా భాగం మేమే పెరుగులో తిన్నాం, కాఫీలో తాగాం.

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. "మీగడ రాకపోతే కల్తీ పాలు" అనే సందేశాలు ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి, చదువుకున్నవాళ్లే పంపుతారు. మరోవైపు ప్యాకెట్ మీద "హోమోజెనైజ్డ్" అన్న మాటను చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలతో అచ్చువేస్తారు. మా అమ్మలాంటివాళ్లు దాన్ని ఎలా చదవాలి? తెలుగులో పెద్దగా "ఈ పాలకు మీగడ కట్టదు" అని వేస్తే సగం గొడవలు తీరిపోతాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కాఫీకి, టీకి, గడ్డగా తోడుకునే నున్నటి పెరుగుకు హోమోజెనైజ్డ్ పాలు చాలా బాగుంటాయి. వెన్న, నెయ్యి చేసుకునే ఇంటికి మాత్రం అవి దండుగ. హోమోజెనైజ్ చేయని ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. ప్యాకెట్‌ను కత్తిరించి చూస్తే మూలల్లో మీగడ అంటుకుని కనిపిస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో కాఫీకి ఒక రకం, మీగడకు పాలబ్బాయి పాలు.

రెండు రకాలూ కొనేవాళ్లు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఒకరోజు రాత్రి మిగిలిన అర లీటరు ప్యాకెట్ పాలను కాచకుండానే పచ్చి గేదె పాల తపేలాలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున కాస్తే సబ్బు వాసన, నోట్లో పెట్టుకుంటే చేదు. పచ్చి పాలలో లైపేజ్ అనే ఎంజైము ఉంటుంది. సహజ పొర ఉన్న బిందువు జోలికి అది అంతగా వెళ్లలేదు, పొర చిరిగిన ప్యాకెట్ పాల కొవ్వును మాత్రం గంటల్లో విరగ్గొట్టేస్తుంది. ప్యాకెట్ పాలలోని లైపేజ్ పాశ్చరైజేషన్ వేడికే నశిస్తుంది కాబట్టి విడిగా ఉంచితే ఏమీ కాదు. కలపాలంటే ముందు పచ్చి పాలను పొంగు వచ్చేదాకా కాచి, చల్లారాకే కలపండి.