పంట పట్టికలు కొనిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి వ్యవసాయ డిప్లొమా చేసింది, వ్యవసాయ విస్తరణాధికారి పరీక్షకు చదువుతోంది. నెల రోజులుగా సీజను, నేల, విత్తన మోతాదు, పురుగులు, మందులు అంటూ ఒక్కో పంటకూ పట్టికలు గీస్తూ కూర్చుంది. ఇవన్నీ పీడీఎఫ్‌లో రెడీగా దొరుకుతున్నాయి. కొనిచ్చి బట్టీ పట్టించడం మేలు కాదా?

జవాబు: మీ అమ్మాయి టైమ్ వృథా చేయడం లేదు. ముందు ఆ బెంగ వదిలేయండి. కొన్న పట్టికలో అంకె ఉంటుంది గానీ, ఆ అంకె ఎలా వచ్చిందో ఉండదు. పరీక్షలో చాలామంది తడబడేది అక్కడే.

వేరుశనగనే తీసుకుందాం. ఒక పట్టికలో విత్తన మోతాదు 60 నుంచి 80 కిలోలని ఉంటుంది, ఇంకో దాంట్లో 150 దాటి కనిపిస్తుంది. రెండూ బట్టీ పట్టిన పిల్లలు పరీక్ష హాల్లో తికమకపడతారు. నిజానికి రెండూ సరైనవే. మొదటిది ఎకరాకు, రెండోది హెక్టారుకు. లెక్క ఒక్కసారి కడితే చాలు. ఖరీఫ్‌లో సాళ్ల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటర్ల దూరం పాటిస్తే ఎకరాలో సుమారు 1.33 లక్షల మొక్కలు పడతాయి. 100 గింజలు 40 గ్రాములు తూగే రకమైతే 53 కిలోలు కావాలి. మొలక శాతం 85 అనుకుంటే అది దాదాపు 63 కిలోలవుతుంది. 100 గింజలు 50 గ్రాములుండే లావు గింజ రకమైతే 78 కిలోలు పడుతుంది. 60 నుంచి 80 అన్న పరిధి వెనుక ఉన్న లెక్క ఇదే. రబీలో సాళ్ల దూరం 22.5 సెంటీమీటర్లకు తగ్గిస్తారు కాబట్టి మోతాదు ఇంకా పెరుగుతుంది.

ఇంకో చిక్కుంది. ఇవన్నీ గింజల బరువులు. కాయల్లో గింజల వాటా 70 శాతం అనుకుంటే, ఆ 63 కిలోల గింజలకు 90 కిలోల కాయలు ఒలవాలి. అందుకే గడి పైన ‘విత్తన మోతాదు’ అని రాసి వదిలేయకుండా ‘కిలోలు, ఎకరాకు, గింజలు’ అని రాసుకోమనండి.

నేల గడిలో ‘ఇసుక గరప నేలలు’ అన్న మాట పక్కన కారణం కూడా ఉండాలి. పూత తర్వాత ఊడలు నేలలోకి దిగితేనే కాయ కడుతుంది. బిగుసుకుపోయే బరువు నేలల్లో ఊడలు సరిగా దిగవు, పీకేటప్పుడు కాయలు తెగి నేలలోనే ఉండిపోతాయి. ఈ ఒక్క కారణం తెలిస్తే జిప్సం సంగతి కూడా దానంతటదే గుర్తుంటుంది. పెరిగే కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటుంది. అందుకే పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్క మొదళ్ల దగ్గర వేస్తారు. కాల్షియం చాలకపోతే గింజ లేని తాలు కాయలు ఎక్కువవుతాయి.

అమ్మే పట్టికల మీద నాకు అసలు అనుమానం పురుగులు, తెగుళ్ల గడుల దగ్గరే. వాటిలో తెగులు పేరు, మందు పేరు ఉంటాయి. ప్రశ్నలో మాత్రం లక్షణం ఇస్తారు. ఆకు మీద గోధుమ రంగు మచ్చ, చుట్టూ పసుపు వలయం ఉంటే అది ముందుగా వచ్చే ఆకుమచ్చ. మచ్చ ఆకు అడుగున నల్లగా కనిపిస్తే ఆలస్యంగా వచ్చేది. మొవ్వుకుళ్లు పేరు చూసి శిలీంధ్రనాశిని గుర్తుపెట్టేవాళ్లున్నారు. అది తామర పురుగులు వ్యాప్తి చేసే వైరస్ తెగులు, సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు. కాబట్టి పేరుకూ మందుకూ మధ్య ‘లక్షణం’, ‘కారకం’ అని రెండు గడులు తప్పనిసరి.

మందుల గడి పాతబడిపోతుంది కూడా. వేరుపురుగుకు ఫోరేట్ గుళికలని రాసిన పట్టికలు ఇంకా తిరుగుతున్నాయి. ఫోరేట్, డైక్లోర్వాస్, ట్రయజోఫాస్ లాంటివాటిపై 2018 ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబర్ 31 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. డబ్బు పోసి కొనేది ఈ తప్పులనా? మందుల పేర్లను వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలువరించే తాజా వ్యవసాయ పంచాంగంతో సరిచూసి, పక్కన ఆ సంవత్సరం వేసుకోమనండి.

ఇక మీకు ఒక మాట. పక్కింటివాళ్ల పిల్లలు ఏ పీడీఎఫ్ చదువుతున్నారో ఆరా తీయడం మానండి. రోజూ ‘ఇంకా పట్టికలేనా’ అని అడిగితే ఆ అమ్మాయి అర్థం చేసుకోవడం వదిలేసి పేజీలు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. మీ అమ్మాయి జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే: గీయడంతో ఆగిపోకూడదు. గీసిన మర్నాడు పంట పేరు, గడుల పేర్లు మాత్రమే ఉన్న ఖాళీ పట్టికను చూడకుండా నింపాలి. తప్పిన గడులను ఎర్ర సిరాతో దిద్దుకుని, నాలుగు రోజుల తర్వాత ఆ ఎర్ర గడులనే మళ్లీ నింపాలి. వరి, వేరుశనగ, పత్తి, మొక్కజొన్న, కంది, మిరప ఇలా పూర్తయ్యాకే మిగతా పంటల జోలికి వెళ్లమనండి. మీరు సాయం చేయాలనుకుంటే, ఆ దిద్దిన కాగితం చేతిలో పట్టుకుని ఒక్కో ఎర్ర గడిలోని జవాబుకూ ‘ఎందుకని?’ అని అడగండి.