చార్జర్ ఇచ్చేదెవరు, తీసుకునేదెవరు?

అమ్మాయీ,

కథ చదివాను. క్యాంటీన్ సీను బాగుంది. కానీ నాలుగో పేజీ దగ్గర నాకు చిర్రెత్తుకొచ్చింది. నీ శైలజ మేనేజరుకు పెట్టిన మెసేజి: 'మేడమ్, కెన్ యూ బారో మీ యువర్ చార్జర్?' ఈ తప్పు శైలజదైతే నేను వేలు పెట్టను. కానీ తర్వాతి పేజీలో లండన్‌లో పుట్టి పెరిగిన మేనేజరు కూడా అలాగే రాసింది. అంటే తప్పు నీదే.

తెలుగులో ఆలోచించడం వల్ల ఇలాంటి తప్పులు వస్తాయంటారు. నేనొప్పుకోను. తెలుగును మధ్యలో వదిలేయడం వల్ల వస్తాయి. బారోకీ లెండ్‌కీ ఒకే 'అప్పు' అని బట్టీ పట్టించారు మనకి. ఇంట్లో ఎప్పుడైనా తికమకపడ్డామా? 'చార్జర్ ఒకసారి ఇస్తారా?' అంటే ఇచ్చేది మేడమ్, అది లెండ్. 'మీ చార్జర్ తీసుకోనా?' అంటే తీసుకునేది నేను, అది బారో.

వినడమూ అంతే. మనకు 'వినపడటం' వేరే ఉంది, అది హియర్. చెవి పెట్టి వింటే లిజన్. కాల్ మధ్యలో ఆడియో పోతే శైలజ క్లయింటుకు చాట్‌లో 'ఐ యామ్ నాట్ లిజనింగ్ టు యూ' అని కొట్టింది. వినపడటం లేదని ఆమె ఉద్దేశం. అవతలివాడికి అందేది 'నీ మాట నేను పట్టించుకోను' అని. వాడేమో 'ఓకే' అనేశాడు! అంత మంచి గొడవ చేతికి దొరికితే వదిలేశావు.

నా సంగతి చెప్తాను. గుమాస్తాగా చేరిన కొత్తలో పక్క ఊరి బ్రాంచికి ఒక చీటీ రాశాను: 'ప్లీజ్ టేక్ ది రిజిస్టర్స్ ఆన్ మండే.' వాళ్ళ రిజిస్టర్లు మా దగ్గరికి తీసుకురమ్మని నా భావం. 'తీసుకురా'లో 'తీసుకు' చూసి టేక్ రాసేశాను, చివర ఉన్న 'రా'ను వదిలేశాను. సోమవారం వాళ్ళు ఖాళీ చేతులతో ఆటోలో దిగి, మా రిజిస్టర్లు కట్టలు కట్టడం మొదలుపెట్టారు! సాయంత్రం దాకా టెన్షనే. 'రా' ఉంటే బ్రింగ్, 'వెళ్ళు' ఉంటే టేక్ అని ఆ రోజు తెలిసింది.

ఆ సంగతే కథగా రాస్తే, ఒక ఎడిటరుగారు నా చీటీలో ఇంగ్లీషు దిద్ది వేశారు. ఇక ఆ ఆటో ఎందుకొచ్చిందో చదివినవాళ్ళకెవరికీ అర్థం కాలేదు. అందుకే చెప్తున్నా, శైలజ తప్పులు దిద్దకు. మేనేజరువి మాత్రం దిద్దు. క్లయింటుకు కోపం తెప్పించు.

ముగింపు గురించీ, పోటీకి పంపడం గురించీ అడిగావు. ఇప్పుడు ఓపిక లేదు.

మార్చిన ప్రతిని ఆదివారం తీసుకురా. పాతది నా బల్ల మీదే ఉంది, వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళు.

ఆశీస్సులతో,
మాస్టారు