వంటింటి డైలాగ్‌తో స్పానిష్ పాఠం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన పాఠం రెండుసార్లు చదివా. స్పెయిన్‌లో ఒక వంటావిడ, ఆవిడ దగ్గర పని నేర్చుకునే కుర్రాడు, ఇద్దరూ కలిసి బంగాళాదుంపల ఆమ్లెట్, అదే తోర్తీయా చేస్తుంటారు, ఆ ఎంపిక నాకు బాగా నచ్చింది, ఎందుకంటే వంటింట్లో కమాండ్లు ఇరికించక్కర్లేదు వాటంతట అవే వస్తాయి, పైగా ఆవిడ ఆ కుర్రాడిని 'నువ్వు' అనే అంటుంది కాబట్టి ఒక్క రూపంతో పాఠం నడిచిపోతుంది. 'మీరు' రూపం ఇక్కడ కలపకు, దానికి హోటల్‌కొచ్చిన కస్టమర్‌తో ఇంకో డైలాగ్ రాయొచ్చు.

కానీ నీ లైన్లు చూస్తే నువ్వు రెసిపీ ముందు పెట్టుకుని రాసినట్టుంది. స్పానిష్ రెసిపీల్లో చాలావాటిలో కమాండ్ ఉండదు, పెలార్, కోర్తార్, బాతిర్ అని క్రియ అసలు రూపమే రాస్తారు, అందుకే నీ డైలాగ్‌లో సగం లైన్లు మనిషి మాట్లాడినట్టు లేవు. ఇంకోటి, నీ కమాండ్లన్నీ 'చెయ్యి' రకమే, 'చెయ్యకు' ఒక్కటే ఒకటి ఉంది, అది కూడా వేరే క్రియతో. అలాంటప్పుడు కింద నువ్వు ఇచ్చిన 'తేడా గమనించండి' అనే ప్రశ్నకి చదివేవాడు దేన్ని దేంతో పోల్చాలి?

అసలు విషయం ఇదే. 'నువ్వు' కమాండ్‌లో స్పానిష్ వాళ్ళు వద్దు అనేటప్పుడు ముందు నో పెట్టి ఊరుకోరు, క్రియ చివర అచ్చు కూడా మారుస్తారు. కోర్తా అంటే కొయ్యి, నో కోర్తెస్ అంటే కొయ్యకు. బాతె అంటే గిలక్కొట్టు, నో బాతాస్ అంటే గిలక్కొట్టకు. 'అర్' క్రియలకి ఆ పోయి ఎ వస్తుంది, 'ఎర్', 'ఇర్' క్రియలకి ఎ పోయి ఆ వస్తుంది, రెండిట్లోనూ చివర స్ చేరుతుంది. మనవాళ్ళకి ఇది వింతేం కాదు, కొయ్యి కొయ్యకు, తిను తినకు అని మనకీ వేరే రూపమే కదా, ఇంగ్లీష్ మీదుగా చెప్తేనే లేనిపోని తికమక వస్తుంది, నేరుగా తెలుగుతో పోల్చి చెప్పు.

మరి ఇందులో జాగ్రత్త ఎందుకంటే, తప్పు చేసినా తప్పులా వినపడదు. కొయ్యకు అనబోయి నో కోర్తా అన్నాడనుకో, అది తప్పు వాక్యం కాదు, 'అతను కొయ్యడు' అనే మంచి వాక్యమే. ఎదుటివాళ్ళకి అర్థమైపోతుంది, ఎవరూ సరిదిద్దరు, అదే అలవాటైపోతుంది. కాబట్టి ఈ తప్పు దొరకాల్సింది నీ ప్రశ్నల్లోనే.

అందుకని ఒకే క్రియ రెండు రూపాల్లోనూ డైలాగ్‌లో కనపడాలి, అదీ సందర్భంలోంచి రావాలి. వద్దు అనాలంటే కుర్రాడు తొందరపడాలి కదా, తోర్తీయాలో ఆ తొందరకి చోటుంది, దుంపలు ఆలివ్ నూనెలో సన్నటి మంట మీద మెల్లగా మెత్తబడాలి, ఈలోపు ఖాళీగా ఉన్నవాడు గుడ్ల మీద పడతాడు. నేనైతే ఇలా రాస్తా:

ఆవిడ: పేలా లాస్ పతాతాస్. (దుంపల తొక్క తియ్యి.)
కుర్రాడు: ఈ అఓరా? (ఇప్పుడు?)
ఆవిడ: కోర్తా లాస్ పతాతాస్, పెరో నో కోర్తెస్ త్రోసోస్ గ్రాందెస్. (దుంపలు కొయ్యి, కానీ పెద్ద ముక్కలు కొయ్యకు.)
కుర్రాడు: బాతో లోస్ వేవోస్? (గుడ్లు గిలక్కొట్టనా?)
ఆవిడ: నో, నో బాతాస్ లోస్ వేవోస్ తోదబియా. (వద్దు, అప్పుడే గుడ్లు గిలక్కొట్టకు.)
(దుంపలు మెత్తబడ్డాక)
ఆవిడ: అఓరా సీ, బాతె లోస్ వేవోస్. (ఆ, ఇప్పుడు గిలక్కొట్టు.)
(తోర్తీయా దించాక)
ఆవిడ: నో కోమాస్, ఎస్పేరా. (తినకు, ఆగు.)
(కాసేపటికి)
ఆవిడ: అఓరా, కోమె. (ఇప్పుడు తిను.)

చూడు, కోర్తా కోర్తెస్, బాతె బాతాస్, కోమె కోమాస్, మూడు జతలు పడ్డాయి. పేలాకి మాత్రం కావాలనే జత ఇవ్వలేదు, అది ప్రశ్నలకి దాచింది. నీ డ్రాఫ్ట్‌లో ఉన్న తోర్తీయా తిరగేసే సీన్ తీసేశా, ప్లేటు మూతపెట్టి తిప్పడం చూడ్డానికి బాగుంటుంది నిజమే, కానీ అక్కడ దాలె లా వ్వేల్తా అనాలి, వద్దంటే నో లె దెస్, అచ్చుతో పాటు లె కూడా చోటు మారుతుంది. పోన్ (పెట్టు), ఆస్ (చెయ్యి) లాంటి వేరే దారి క్రియలు కూడా మొదటి పాఠంలో వద్దు. పెనం ముట్టుకోకు, నో తోకెస్, అనిపించాలని నీకు ఉంటుంది, వినడానికి ఇబ్బంది లేదు గానీ రాతలో అక్కడ అక్షరం మారుతుంది, చదివేవాడు అచ్చు వదిలేసి ఆ అక్షరం చూస్తూ కూర్చుంటాడు.

ఇక ప్రశ్నలు. నీ మొదటి ప్రశ్నే 'రూల్ ఏమిటి' అని ఉంది, అది ఆఖరున రావాల్సింది. ముందు అర్థం అడుగు, గుడ్లు ఎప్పుడు గిలక్కొట్టమంది, మొదట ఎందుకు ఆపింది, దీనికి జవాబు చెప్పాలంటే బాతాస్ అంటే వద్దని బాతె అంటే సరేనని పట్టుకోవాలి, గ్రామర్ మాట ఎత్తకుండానే చెవికి తేడా తెలిసిపోతుంది. తర్వాత జతలు వెతికి పక్కపక్కన రాయమను, చివరి అచ్చు కింద గీత గీయమను. అప్పుడు అసలు ప్రశ్న: కుర్రాడు తొక్క తీయబోతుంటే ఆపాలి, పేలాతో ఆవిడ ఏమంటుంది? నో పేలెస్ అన్నాడంటే పట్టుకున్నట్టు. నో పేలాస్ అన్నాడంటే బాతాస్, కోమాస్ చూసి స్ చేర్చడం ఒక్కటే తీసుకున్నాడు, క్రియలు రెండు రకాలని ఇంకా చూడలేదు, అతన్ని మళ్ళీ జతల దగ్గరికి పంపాలి. నో పేలా అన్నాడంటే నో పెడితే చాలనుకుంటున్నాడు, అసలు మార్పే కనపడలేదు. అంటే ఒక్క ప్రశ్నతో ముగ్గురు ఎక్కడెక్కడ ఉన్నారో తెలిసిపోతుంది. ఆ తర్వాత అబ్రె లా వెంతానా, కిటికీ తియ్యి, ఇచ్చి వద్దనమను, అబ్రిర్ 'ఇర్' క్రియ, నో అబ్రాస్ అనగలిగితే రెండో గుంపులో కొత్త క్రియకి కూడా తనే దారి వేసుకున్నాడన్నమాట.

నీ డ్రాఫ్ట్‌లో 'వాటిని' కూడా మొదటి డైలాగ్‌లోనే వచ్చేసింది, పేలలాస్, నో లోస్ బాతాస్ అని. అచ్చు మారడం, ఆ చిన్నమాట చోటు మారడం రెండూ ఒకేసారి వస్తే దేనివల్ల ఏది మారిందో చదివేవాడికి తేలదు. ముందు పైన రాసినట్టు ఉత్త నామాలతో నడిపించు, ప్రశ్నలయ్యాక అదే డైలాగ్ మళ్ళీ ఇచ్చి లాస్ పతాతాస్ బదులు లాస్, లోస్ వేవోస్ బదులు లోస్ పెట్టి చూపించు. చెయ్యమంటే అది క్రియ వెనక అతుక్కుంటుంది, పేలలాస్, బాతెలోస్. వద్దంటే ముందుకొచ్చి విడిగా నిలబడుతుంది, నో లోస్ బాతాస్. మనకి 'వాటిని' మామూలుగా క్రియకి ముందే కాబట్టి తెలుగువాళ్ళు లాస్ పేలా అనేస్తారు, అదీ మళ్ళీ మంచి వాక్యమే, 'ఆమె వాటి తొక్క తీస్తుంది' అని అర్థం, కమాండ్ మాత్రం కాదు. ఈ భాగానికి ప్రశ్న ఇలా పెట్టు: లాస్ పేలా, పేలలాస్, ఈ రెండిట్లో ఏది విని కుర్రాడు కత్తి అందుకుంటాడు, ఏది విని పక్కనున్న ఆవిడ వైపు చూస్తాడు? అతుక్కున్నాక కూడా నొక్కి పలికేది పాత చోటే, పే మీదే, అందుకే రాతలో ఆ అచ్చు మీద గీత వస్తుంది, అది ఒక్క ముక్కలో చెప్పి వదిలెయ్యి.

రెండో డైలాగ్ రాసి ప్రశ్నలతో కలిపి పంపు, తోర్తీయా తిప్పే సీన్ మూడో పాఠానికి దాచుకో.

అక్క