కొన్నవాళ్లకీ కార్ట్ రిమైండర్ వెళ్తోంది

"ఆర్డర్ పెట్టేసిన వాళ్లకి కూడా మర్నాడు 'మీ కార్ట్‌లో వస్తువు ఉండిపోయింది' అని మెయిల్ వెళ్తోంది. ఎక్కడ సరిచేయాలి?"

"కొనలేదు" అన్న షరతును మీ ఆటోమేషన్ బహుశా లోపలికి చేర్చుకునేటప్పుడు ఒక్కసారే చూస్తోంది. ఉదయం 10కి కార్ట్ వదిలేసిన మనిషికి 11కి మొదటి మెయిల్ వెళ్లింది, మధ్యాహ్నం 3కి కొనేశారు. 24 గంటల వెయిటింగ్ అయ్యాక మళ్లీ ఎవరూ అడగరు కాబట్టి రెండోదీ వెళ్లిపోతుంది.

1. ప్రతి వెయిటింగ్ తర్వాత, మెయిల్‌కి సరిగ్గా ముందు, "ఈ ఆటోమేషన్‌లోకి వచ్చాక ఆర్డర్ పెట్టారా?" అన్న షరతు పెట్టండి; పెట్టి ఉంటే ఆటోమేషన్ అక్కడితో ఆగిపోవాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. వెయిటింగ్‌కి ముందు పెడితే ఉపయోగం లేదు.

2. "ఎప్పుడైనా ఆర్డర్ పెట్టారా" అని మాత్రం పెట్టకండి. పాత కస్టమర్లకి రిమైండర్లే ఆగిపోతాయి.

3. వెయిటింగ్‌ని 10 నిమిషాలకి తగ్గించి, మీ సొంత అడ్రస్‌తో కార్ట్ వదిలి, మొదటి మెయిల్ వచ్చాక కొని చూడండి.

అయినా రెండోది వస్తే ఆ కాంటాక్ట్ హిస్టరీ తెరవండి. ఆర్డర్ అందులో కనబడకపోతే స్టోర్ నుంచి సమాచారం రావట్లేదు, లేదా చెకౌట్‌లో వేరే ఈమెయిల్ ఇచ్చారు. ఆ రెండో సందర్భాన్ని ఏ షరతూ పట్టుకోలేదు. అందుకే మెయిల్ చివర "ఇప్పటికే కొని ఉంటే దీన్ని వదిలేయండి" అని ఒక లైన్ రాయండి.