నొప్పులు రాకముందే 35 వారాలకు సిజేరియన్ ఎందుకు?

ప్రశ్న: మాది ఏటూరునాగారం. నాకిది తొలి కాన్పు, ఇప్పుడు 31 వారాలు. ఐదో నెల టిఫా స్కాన్‌లో మాయ కిందికి ఉందని, బొడ్డుతాడు పొరల్లో అతుక్కుందని రాశారు. ఇప్పుడు మాయ పైకి జరిగిందట. కానీ హన్మకొండలో మళ్లీ స్కాన్ తీసి ‘వాసా ప్రీవియా’ అన్నారు, 35 వారాలకు ఆపరేషన్ అంటున్నారు. నాకు నొప్పి లేదు, బ్లీడింగ్ లేదు. నొప్పులొచ్చేదాకా ఆగుదామని మా అత్తమ్మ అంటోంది. ఆగొచ్చా?

జవాబు: ఆగొద్దమ్మా. మామూలుగా బిడ్డ రక్తనాళాలు బొడ్డుతాడు లోపల, జిగురు పదార్థం మధ్య భద్రంగా మాయ దాకా వెళ్తాయి. మీకు తాడు ఉమ్మనీరు సంచి పొరల దగ్గరే ఆగింది. అక్కడి నుంచి నాళాలు ఏ రక్షణా లేకుండా పొర మీదుగా మాయను చేరుతున్నాయి. మాయ పైకి జరిగినా అవి గర్భసంచి ముఖద్వారం మీదే ఉండిపోయాయి. దీన్నే వాసా ప్రీవియా అంటారు. ఉమ్మనీరు సంచి పగిలితే పొరతోపాటు ఆ నాళం కూడా చిట్లవచ్చు. అప్పుడు పోయేది మీ రక్తం కాదు, బిడ్డది. ఆ వయసు బిడ్డ ఒంట్లో ఉండే రక్తం పావు లీటరు కూడా ఉండదు. నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. మీకు మాత్రం నొప్పి తెలియకపోవచ్చు. అందుకే ఇప్పుడు బాగానే ఉన్నానన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

స్కాన్ తప్పేమోనన్న అనుమానం ఉంటే తీర్చుకోవచ్చు. యోని ద్వారా, రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ స్కాన్‌తో చూస్తే ముఖద్వారం మీద నాళం కనిపిస్తుంది. అందులో కొట్టుకునే వేగం బిడ్డ గుండెదే, అంటే నిమిషానికి 140 అటూఇటూ ఉంటుంది. తాడే జారి అక్కడికి వస్తే మీరు పక్కకు తిరిగినప్పుడు కదులుతుంది, ఈ నాళం కదలదు. ముఖద్వారానికి అది ఎంత దూరంలో ఉందో రిపోర్టులో రాయించుకోండి. 2 సెంటీమీటర్ల లోపే ఉంటే ప్రమాదం. కొందరిలో గర్భసంచి పెరిగేకొద్దీ నాళం దూరం జరుగుతుంది కాబట్టి 32 వారాలప్పుడు మళ్లీ చూపించుకోండి. తాడు పొరల్లో అతుక్కున్నా నాళాలు ముఖద్వారానికి దూరంగా ఉంటే, ఆ ఒక్క కారణానికే ముందస్తు ఆపరేషన్ అక్కర్లేదు. బిడ్డ ఎదుగుదలను స్కాన్లలో గమనిస్తే చాలు.

నాళం ముఖద్వారం దగ్గరే ఉందని తేలితే మాత్రం 34–37 వారాల మధ్య, నొప్పులు మొదలుకాకముందే సిజేరియన్ చేస్తారు. మరీ ముందైతే బిడ్డ ఊపిరితిత్తులు సిద్ధంగా ఉండవు, ఆలస్యమైతే ఉమ్మనీరు దానంతటదే పోవచ్చు. మీ డాక్టరు చెప్పిన 35 వారాలు సరైన సమయమే. దానికి ముందు ఊపిరితిత్తుల కోసం మీకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అయినా బిడ్డను కొన్నాళ్లు పసిబిడ్డల ఐసీయూ అయిన ఎన్‌ఐసీయూలో ఉంచాల్సి రావచ్చు.

నాకు ఎక్కువ దిగులు మీ ఊరి దూరం గురించే. నాళం చిట్లితే ఏటూరునాగారం నుంచి హన్మకొండ చేరేదాకా బిడ్డ తట్టుకోలేదు. 32 వారాల కల్లా ఎన్‌ఐసీయూ, రక్తనిధి ఉన్న ఆసుపత్రిలో చేరండి, కుదరకపోతే దాని పక్కనే ఉండండి. బిడ్డ కోసం ఓ నెగెటివ్ రక్తం సిద్ధంగా ఉంచమని ముందే అడగండి. కలయిక వద్దు. లోపల చేయి పెట్టి పరీక్ష చేయబోతే మీ సమస్య చెప్పి ఆపండి. రక్తపు చుక్క కనిపించినా, నీరు పోయినా, కడుపు బిగుస్తున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బయట ఉంటే 108కి ఫోన్ చేయండి. చేరగానే ‘వాసా ప్రీవియా’ అన్న మాటే ముందు చెప్పి, స్కాన్ రిపోర్టు చేతికివ్వండి. నాళం ఎటు ఉందో అందులో చూసుకుని, అది తెగకుండా డాక్టరు కోత పెడతారు.